బ్యాడ్మింటన్ సింగిల్స్ బోధన: గీతలు, సర్వీసు, స్కోరు

బ్యాడ్మింటన్ సింగిల్స్ నియమాలను కొత్తవారికి పూర్తి కోర్టులో కాకుండా, కుదించిన కోర్టులో చిన్న చిన్న ఆటల ద్వారా నేర్పే పద్ధతి ఇది. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య బడుల కోసం రూపొందించిన 'షటిల్ టైమ్' పాఠాలు కూడా ఇదే దారిలో సాగుతాయి. రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట వంటి మండలాల్లో బడి మైదానంలో సున్నంతో గీసుకోగల మట్టి కోర్టును దృష్టిలో పెట్టుకుని ఈ వివరణ సాగుతుంది.

కోర్టు పొడవు 13.40 మీటర్లు. వెడల్పు డబుల్స్‌కు 6.10, సింగిల్స్‌కు 5.18 మీటర్లు. రెండు ఆటల గీతలూ ఒకే నేల మీద ఉండటంతో కొత్తవారు తికమకపడతారు. సింగిల్స్‌లో పక్కన లోపలి గీత, వెనుక చివరి గీత హద్దులు. వెనుక గీతకు 76 సెంటీమీటర్ల లోపల ఉండే గీత డబుల్స్ సర్వీసుకే తప్ప సింగిల్స్‌కు పనికిరాదు. అందుకే మొదటి కొన్ని రోజులు డబుల్స్ గీతలు అసలు గీయకపోవడమే మేలు. కోర్టు మూలమట్టంగా వచ్చిందో లేదో తెలియాలంటే మూల నుంచి మూలకు తాడు పట్టి చూడాలి. సింగిల్స్ కోర్టుకు రెండు వైపులా 14.37 మీటర్లు రావాలి.

గీత కోర్టులో భాగమే, దాని మీద పడిన కాక్ లోపల పడినట్టే. సున్నం గీత బయటికి పరచుకుంటే కోర్టు ఆ మేరకు పెరుగుతుంది, గీత దగ్గర పడిన ప్రతి కాక్‌కూ గొడవ మొదలవుతుంది. కొలిచిన హద్దు మీద తాడు కట్టి, సున్నాన్ని తాడుకు లోపలి వైపే 4 సెంటీమీటర్ల మేర పోస్తే ఆ చిక్కు ఉండదు.

కుదించిన ఆటల్లో బాగా వాడుకలో ఉన్నది సగం కోర్టు సింగిల్స్. నడిమి గీతకు ఒక పక్కనే ఇద్దరూ ఎదురెదురుగా ఆడతారు. ఒక కోర్టులో నలుగురికి చోటు దొరుకుతుంది, ముందుకూ వెనక్కూ కదలడం బాగా అలవాటవుతుంది. అయితే ఇందులో ఐమూలగా సర్వీసు చేయడం ఉండదు కాబట్టి, ఏ స్కోరుకు ఏ వైపు నిలబడాలో దీనితో నేర్పలేం. కొందరు శిక్షకులు నెలల తరబడి సగం కోర్టులోనే ఆడిస్తారు. సర్వీసు పాఠం మొదలైన రోజు నుంచి సుమారు 3 మీటర్ల వెడల్పు కోర్టు గీసి, మధ్యలో గీతతో రెండు పెట్టెలు చేయడం ఇంతకంటే సరైనదిగా కనిపిస్తుంది.

ఆ ఇరుకు కోర్టులో సుమ, రేణుకల మధ్య 7 పాయింట్ల ఆట చూద్దాం. సుమ సున్నా స్కోరుతో కుడి పెట్టె నుంచి సర్వీసు చేసి పాయింటు గెలిచింది. ఇప్పుడు ఆమె స్కోరు 1, బేసి సంఖ్య కాబట్టి ఎడమ పెట్టెకు మారుతుంది. రేణుక కూడా తన ఎడమ పెట్టెలోకి వచ్చి ఎదుర్కొంటుంది. ఈసారి రేణుక గెలిచింది, 1-1. సర్వీసు ఆమెది, ఆమె స్కోరు 1, కనుక ఎడమ నుంచే చేయాలి. పిల్లలు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు. సర్వీసు చేతికి రాగానే కుడి వైపుకు నడుస్తారు. పాత డబుల్స్‌లో సర్వీసు చేతులు మారినప్పుడల్లా కుడి నుంచే మొదలయ్యేది. ఆ ఆట ఆడిన పెద్దలను చూసి ఈ అలవాటు వచ్చి ఉండవచ్చు. సర్వీసు చేసేవారి స్కోరే చూడాలి, ఎదుటివారిది కాదు. సరి అయితే కుడి, బేసి అయితే ఎడమ. కుడి పెట్టెలో 'సరి', ఎడమ పెట్టెలో 'బేసి' అని సున్నంతో రాస్తే, స్కోరు పైకి చెప్పి నిలబడటం త్వరగా వస్తుంది. పెట్టె తప్పినట్టు తర్వాత తెలిస్తే సరిదిద్దుకోవాలి. వచ్చిన పాయింట్లు మాత్రం పోవు.

ఇక స్కోరు లెక్కకు వస్తే, 2006కు ముందు సర్వీసు చేసేవారికే పాయింటు వచ్చేది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించింది ఆ లెక్కలోనే. తర్వాత ప్రతి ర్యాలీకీ పాయింటు, 21కి గేమ్ అయింది. 20-20 దగ్గర రెండు పాయింట్ల ఆధిక్యం కావాలి, 29-29 అయితే 30వ పాయింటుతో తేలిపోతుంది. దీనికి 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌ను మించిన పాఠం దొరకదు. ఒకుహరా చేతిలో పి.వి. సింధు 19-21, 22-20, 20-22తో ఓడింది. చిన్న ఆటలో ఇదే నేర్పాలంటే 6-6 దగ్గర రెండు పాయింట్ల తేడా, 9 దగ్గర ఆఖరు అని పెట్టుకోవచ్చు.

సర్వీసు ఎత్తు విషయంలో జాగ్రత్త అవసరం. 2018 నుంచి పెద్ద పోటీల్లో అమలవుతున్న 1.15 మీటర్ల హద్దు, 1.30 మీటర్ల పొడవున్న పిల్లకు దాదాపు గడ్డం దాకా వస్తుంది. ఆ వయసులో ఆ హద్దు ఉన్నా లేనట్టే. చిన్న పిల్లలకు నడుము కిందినుంచి కొట్టాలన్న పాత నియమమే సరిపోతుంది.