ఓవర్‌డ్రాఫ్టు, టర్మ్ లోను: నెలనెలా ఆదాయం మారే వ్యాపారానికి

ఓవర్‌డ్రాఫ్టులో బ్యాంకు ఒక లిమిట్ ఇస్తుంది. అందులోంచి కావలసినప్పుడు తీసుకోవచ్చు, డబ్బు రాగానే తిరిగి వేయవచ్చు. ఏ రోజు ఎంత వాడితే ఆ రోజుకు అంత మీదే వడ్డీ. టర్మ్ లోనులో మొత్తం సొమ్ము ఒకేసారి చేతికొస్తుంది, నెలనెలా వాయిదా కట్టాలి. సరుకు తాకట్టు మీద ఇచ్చే లిమిట్‌ను బ్యాంకు పుస్తకాల్లో క్యాష్ క్రెడిట్ అంటారు. బజారులో మాత్రం రెండూ ‘ఓడీ’యే.

నెలనెలా ఆదాయం మారే వ్యాపారానికి ఒక ఉదాహరణ అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్క బొమ్మల తయారీ. అంకుడు కర్ర ముందుగానే కొని ఆరబెట్టాలి. పండుగ ఆర్డర్లకు నెలల ముందు నుంచే పని సాగాలి. డబ్బు చేతికొచ్చేది సరుకు పంపాకే. ఏటా 24 లక్షల అమ్మకాలున్న ఇలాంటి యూనిట్‌ను ఊహించుకుందాం. నాయక్ కమిటీ పద్ధతిలో చిన్న యూనిట్లకు అమ్మకాల అంచనాలో 25 శాతాన్ని నిర్వహణ పెట్టుబడిగా లెక్కిస్తారు. అంటే 6 లక్షలు. అందులో అమ్మకాల్లో 20 శాతం వంతు, అంటే 4.8 లక్షలు బ్యాంకుది, మిగిలిన 1.2 లక్షలు యజమానివి.

ఈ యూనిట్ జూన్‌లో లక్ష, జులైలో రెండున్నర, ఆగస్టులో 4, సెప్టెంబరులో నాలుగున్నర లక్షలు వాడిందనుకుందాం. దసరా సరుకు డబ్బు రావడంతో అక్టోబరులో బాకీ మూడుకు, నవంబరులో ఒకటికి దిగింది. సంక్రాంతి పనికి డిసెంబరులో ఒకటిన్నర, జనవరిలో అర లక్ష. మిగతా నాలుగు నెలలు సున్నా. ఏడాది సగటు లక్షన్నర. 11 శాతం వడ్డీ అనుకుంటే ఖర్చు 16,500 రూపాయలు.

అదే నాలుగున్నర లక్షలను అదే వడ్డీకి మూడేళ్ల టర్మ్ లోనుగా తీసుకుంటే నెల వాయిదా సుమారు 14,730. మొదటి ఏడాది వడ్డీయే దాదాపు 43,000. అంతకన్నా ఇబ్బంది మరొకటుంది. ఏడాది తిరిగేసరికి 1.34 లక్షల అసలు బ్యాంకుకు వెళ్లిపోతుంది. రెండో సీజనుకు కర్ర కొనాల్సిన డబ్బు అంత మేరకు తగ్గిపోయినట్టే. మళ్లీ మళ్లీ అవసరమయ్యే పెట్టుబడిని వాయిదాలుగా తీర్చబోతే వ్యాపారం ఏటా కొంత కుంచించుకుపోతుంది.

అలాగని ఓడీ లిమిట్ అంతా చేతిలో ఉన్న డబ్బు కాదు. బ్యాంకు చూసేది ‘డ్రాయింగ్ పవర్’. ప్రతి నెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. సరుకు, రావలసిన బాకీల మొత్తంలోంచి సరుకు అమ్మినవారికి ఇంకా ఇవ్వాల్సింది తీసేసి, మామూలుగా మరో 25 శాతం మార్జిన్ కోస్తారు. పై యూనిట్ సెప్టెంబరులో నాలుగున్నర లక్షలు వాడాలంటే అప్పులు పోను 6 లక్షల సరుకూ బాకీలూ చూపాలి. 5.2 లక్షలే ఉంటే డ్రాయింగ్ పవర్ 3.9 లక్షలు. లిమిట్ 4.8 అని కాగితం మీద ఉన్నా చెక్కు వెనక్కి వస్తుంది.

సీజను వ్యాపారికి అసలు గండం 90 రోజుల నిబంధన. బాకీ ఉన్న ఓడీ ఖాతాలో వరుసగా 90 రోజులు జమ లేకపోయినా, పడిన జమ గడచిన 90 రోజుల వడ్డీకి చాలకపోయినా, బాకీ అన్ని రోజులూ లిమిట్‌నో డ్రాయింగ్ పవర్‌నో దాటే ఉన్నా రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఆ ఖాతా మొండి బకాయి అవుతుంది. పై లెక్కలో జూన్ నుంచి ఆగస్టు దాకా వడ్డీ సుమారు 6,875 రూపాయలు. పెద్ద అమ్మకాలు లేని ఆ మూడు నెలల్లో పాత బాకీల వసూలో, చిల్లర అమ్మకాల సొమ్మో కనీసం అంత ఈ ఖాతాలోనే జమ కావాలి. వసూళ్లు వేరే బ్యాంకు ఖాతాలోకి మళ్లిస్తే వ్యాపారం బాగున్నా ఓడీ ఖాతా జబ్బుపడినట్టే కనిపిస్తుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది మరోచోట. షెడ్డు వేయడానికో, కొత్త లేతు కొనడానికో ఓడీలోంచి 2 లక్షలు తీస్తారు. షెడ్డు సరుకు కాదు కనుక డ్రాయింగ్ పవర్ పెరగదు. ఆగస్టులో కర్రకూ లక్కకూ 4 లక్షలు కావాలంటే మొత్తం 6 అవుతుంది, లిమిట్ చాలదు. దీన్ని గుర్తుపట్టడానికి ఏడాది స్టేట్‌మెంటులో అతి తక్కువ బాకీ ఉన్న రోజు చూస్తే చాలు. పై యూనిట్‌లో అది సున్నా. సీజను అయిపోయాక కూడా 2 లక్షల కిందికి దిగకపోతే ఆ రెండు లక్షలు టర్మ్ లోనుగా ఉండాల్సినవే. వాటిని విడదీసి వాయిదాల అప్పుగా మార్చమని రెన్యువల్ సమయంలోనే బ్యాంకును అడగవచ్చు.

టర్మ్ లోను వాయిదాలు నెలనెలా సమానంగానే ఉండాలన్న నియమం లేదు. మొదట్లో కొన్ని నెలల విరామం, మూడు నెలలకొక వాయిదా, వసూళ్ల నెలల్లో పెద్ద మొత్తం అని మంజూరు పత్రంలోనే రాయించుకోవచ్చు. సంతకం అయ్యాక మార్పించుకోవడం కష్టం. ఓడీకి ఏటా రెన్యువల్, దాని రుసుము ఉంటాయి. కొన్ని బ్యాంకులు వాడని లిమిట్ మీద కూడా ఛార్జీ వేస్తాయి. ముద్ర పథకం కింద రెండు రకాల అప్పూ దొరుకుతుంది. ఏటికొప్పాక లాంటి చోట యూనిట్‌కు సాధారణంగా రెండూ కావాలి: కర్రకు, లక్కకు, కూలికి ఓడీ, లేతుకు, షెడ్డుకు టర్మ్ లోను.