హిందీ ప్రేమవాక్యంలో కనిపించే లింగం ఎవరిది?

‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్నది అబ్బాయో అమ్మాయో తెలుగు క్రియ చెప్పదు. హిందీ క్రియ చెప్పేస్తుంది: అబ్బాయైతే ‘మై తుమ్‌సే ప్యార్ కర్తా హూ’, అమ్మాయైతే ‘కర్తీ హూ’. దీన్ని బట్టి హిందీ క్రియ ఎప్పుడూ మాట్లాడేవారి లింగాన్నే చూపుతుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. తర్వాతి వాక్యంలోనే పప్పులో కాలేస్తారు.

ఒక అబ్బాయి అమ్మాయితో ‘నువ్వంటే నాకిష్టం’ అనాలి. ‘ముఝే తుమ్ అచ్ఛీ లగ్తీ హో’ అంటాడు. అంటున్నది మగవాడే, మాటలు మాత్రం స్త్రీలింగం. అదే మాట అమ్మాయి అబ్బాయితో అంటే ‘అచ్ఛే లగ్తే హో’ అవుతుంది. ‘తుమ్’ ఒక్కరినే పిలిచినా పుంలింగంలో బహువచన రూపం కోరుతుంది. కీలకం విభక్తిలో ఉంది. మొదటి వాక్యంలో ‘తుమ్’కు ‘సే’ తగిలింది, ‘మై’ ఒట్టిగా ఉంది. ఇక్కడ ‘నేను’ కాస్తా ‘నాకు’ (ముఝే) అయింది, ‘తుమ్’ ఒట్టిగా మిగిలింది. క్రియ విభక్తి తగలని నామాన్నే అనుసరిస్తుంది.

మరి ఇద్దరికీ విభక్తి తగిలితే? ‘ముఝే తుమ్‌సే ప్యార్ హో గయా’ అని ఆడవాళ్లూ అంటారు, ఎందుకంటే ‘ప్యార్’ అనే మాట పుంలింగం. ‘మొహబ్బత్’ అంటే ‘హో గయీ’. అది స్త్రీలింగం. ‘యాద్’ కూడా అంతే. ఎంత మగవాడైనా ‘తుమ్హారీ యాద్ ఆతీ హై’ అనాల్సిందే. ‘మైనే తుమ్హే చాహా’లో అనుసరించడానికి ఏ నామమూ మిగలదు కనుక, ఎవరు ఎవరితో అన్నా క్రియ పుంలింగ ఏకవచనంలోనే ఆగిపోతుంది.

ఇదంతా ఎందుకంటే ‘కర్తా’ పుట్టుకలో క్రియ కాదు, ‘చేసేవాడు’ అన్నట్టుండే కృదంతం. విశేషణంలాగే అది లింగాన్ని మోస్తుంది. మనమూ ‘నువ్వు నావాడివి’, ‘నువ్వు నాదానివి’ అన్నప్పుడు లింగం బయటపెడతాం కదా! పాత క్రియారూపం నుంచి వచ్చిన ‘చాహూ’ (కోరుకోనా) ఇద్దరికీ ఒకటే. దానికి, ఒకప్పుడు ‘వెళ్లిన’ అనే అర్థమున్న ‘గా’ లేదా ‘గీ’ అతికి భవిష్యత్తు అయ్యేసరికి మళ్లీ లింగం వచ్చిపడుతుంది: అతను ‘చాహూగా’, ఆమె ‘చాహూగీ’.

అన్నిటికన్నా చిత్రం ‘మేరీ జాన్’. జాన్, అంటే ప్రాణం, స్త్రీలింగం కాబట్టి ప్రియుణ్ణి పిలిచినా ‘మేరీ’యే. కానీ క్రియ ఆ పిలుపును పట్టించుకోదు, ‘తుమ్’ ఎవరో చూస్తుంది. అందుకే ప్రియుడి కోసం ఎదురుచూసే ఆమె ‘మేరీ జాన్, తుమ్ కబ్ ఆఓగే?’ అంటుంది.