ఎదురెదురుగా బయలుదేరిన రెండు బండ్లు ఎప్పుడు, ఎక్కడ కలుస్తాయి?

పోటీ పరీక్షల్లో ఈ లెక్క తరచూ అడుగుతారు. ఇంట్లోనూ అవసరపడుతుంది. అబ్బా హైదరాబాద్ నుంచి కారులో, చాచా విజయవాడ నుంచి సరుకుల వ్యాన్‌లో బయలుదేరారు అనుకుందాం. చాచా దగ్గరున్న పాస్‌పోర్టు దారిలోనే అబ్బాకు అందాలి. ఎక్కడ ఆగాలి?

రెండు ఊళ్ల మధ్య రోడ్డు దూరం సుమారు 270 కి.మీ. కారు గంటకు 60, వ్యాన్ గంటకు 40 కి.మీ. వెళ్తాయి. ఎదురెదురుగా వస్తున్నాయి కాబట్టి మధ్యలో ఉన్న దూరం గంటకు 60+40, అంటే 100 కి.మీ. చొప్పున తగ్గిపోతుంది. అందుకే వేగాలను కూడాలి. ఒకే దిక్కులో ఒకదాని వెనుక ఒకటి పోతుంటేనే తీసివేత. ఇక సగటు తీస్తే లెక్క పూర్తిగా తప్పినట్టే.

ఇద్దరూ ఉదయం 7 గంటలకే బయలుదేరితే 270÷100, అంటే 2.7 గంటలు. పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. దీన్ని 2 గంటల 70 నిమిషాలు అని రాసేస్తారు. 0.7ను 60తో గుణించాలి, 42 నిమిషాలు వస్తుంది. కాబట్టి 9:42కి కలుస్తారు. అప్పటికి కారు 60×2.7=162 కి.మీ. వచ్చి ఉంటుంది. అది సూర్యాపేట దాటాక, కోదాడ రాకముందు. చోటు మాత్రమే కావాలంటే టైమ్ లెక్క కూడా అక్కర్లేదు. వేగాలు 3:2 కాబట్టి దూరాన్నీ అలాగే పంచితే 162, 108 వచ్చేస్తాయి.

అయితే ఈ పంపకం ఇద్దరూ ఒకేసారి కదిలినప్పుడే పనికొస్తుంది. చాచా 6 గంటలకే బయలుదేరారనుకోండి. 7 అయ్యేసరికి ఆయన 40 కి.మీ. వచ్చేశారు, మిగిలింది 230. ఇప్పుడు 230÷100=2.3 గంటలు, అంటే 2 గంటల 18 నిమిషాలు. కలిసేది 9:18కి, హైదరాబాద్ నుంచి 138 కి.మీ. దగ్గర, దాదాపు సూర్యాపేటలో. సరిచూద్దాం: వ్యాన్ నడిచింది 3.3 గంటలు, 40×3.3=132. 138+132=270. రెండు దూరాల మొత్తం రోడ్డు దూరానికి సరిపోకపోతే ఎక్కడో తప్పు ఉన్నట్టే.

మరి చాచా దారిలో చాయ్‌కి 15 నిమిషాలు ఆగితే? కలిసే టైమ్ కూడా 15 నిమిషాలు వెనక్కి పోతుందని చాలామంది అనుకుంటారు, కానీ పోదు. ఆయన ఆగినా కారు ఆగదు కదా. ఆ 15 నిమిషాల్లో వ్యాన్ పోగొట్టుకున్నది 10 కి.మీ. దాన్ని 230కి కలిపితే 240, భాగిస్తే 2.4 గంటలు. అంటే 9:24. ఆలస్యం 6 నిమిషాలే, కలిసే చోటు మాత్రం విజయవాడ వైపు 6 కి.మీ. జరిగి 144 దగ్గర పడుతుంది.

ఇక్కడ వేగమంటే సగటు వేగం. టోల్‌గేట్లు, ట్రాఫిక్ వల్ల అసలు రోడ్డు మీద కొంచెం అటూ ఇటూ అవుతుంది. అందుకే చాచాకు కిలోమీటరు లెక్క కాకుండా, దానికి దగ్గర్లోని ఊరి పేరు చెప్పండి. ముందు చేరినవాళ్లు అక్కడే ఆగి ఫోన్ చేస్తారు.