చేతికంటిన తీపి

1870ల చివరి రోజులు. అమెరికాలోని బాల్టిమోర్ నగరం. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ల్యాబులో పొద్దంతా పనిచేసి ఇంటికెళ్లిన కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్, చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. కేకు ముక్కేమో అనుకున్నాడు. మూతి తుడుచుకుంటే రుమాలు రొట్టెకన్నా తియ్యగా ఉంది. నీళ్లు తాగబోతే వేళ్లు తగిలిన చోట గ్లాసు అంచూ తీపే. అనుమానం వచ్చి బొటనవేలు నాకి చూసుకున్నాడు. అంతే, భోజనం అలాగే వదిలేసి ల్యాబుకు పరుగెత్తి, బల్ల మీదున్న గిన్నెలన్నిటినీ ఒక్కొక్కటిగా రుచి చూశాడు. వాటిలో ఏ ఒక్కటి విషమైనా కథ ఆ రాత్రే ముగిసేది. అదృష్టం బాగుండి, ఒక గిన్నెలో తీపి దొరికింది.

ఇదంతా 1886లో ఫాల్‌బర్గ్ స్వయంగా ఒక సైన్సు పత్రికకు చెప్పుకున్న సంగతే. విచిత్రమేమిటంటే ఆయన బాల్టిమోర్ వచ్చింది పంచదార పని మీద. దిగుమతైన చక్కెర నాణ్యతను తేల్చిచెప్పడానికి ఒక వ్యాపార సంస్థ ఆయన్ను పెట్టుకుంది. ఆ పని ముగిశాక ప్రొఫెసర్ ఐరా రెమ్సెన్ దగ్గర బొగ్గు తారు నుంచి వచ్చే పదార్థాల మీద పరిశోధనలో చేరాడు. అలా తారులోంచి పుట్టింది శాక్రిన్. పంచదారకన్నా సుమారు మూడు నాలుగు వందల రెట్లు తీపి. మోతాదు ఎక్కువైతే మాత్రం నాలుక మీద చేదు మిగులుతుంది. ఎందుకంటే అది తీపి గ్రాహకాలతో పాటు చేదును పట్టే గ్రాహకాలనూ తడుతుంది.

ఇది తినదగినదేనా అన్న ప్రశ్నకు ఫాల్‌బర్గ్ తన మీద తానే పరీక్ష పెట్టుకున్నాడు. పది గ్రాములు మింగి ఒక రోజు ఆగాడు. ఏమీ కాలేదు. మింగింది దాదాపు అంతా మూత్రంలో బయటికి వచ్చేసింది. ఒంట్లో అరగదు, శక్తినివ్వదు, వచ్చిన దారినే పోతుంది. శాక్రిన్ గుణం ఇప్పటికీ అదే. తర్వాత రెమ్సెన్ పేరు లేకుండానే పేటెంట్లు తీసుకుని, జర్మనీలోని మాగ్డెబర్గ్ దగ్గర ఫ్యాక్టరీ పెట్టాడు. గురుశిష్యులకు అక్కడితో చెడింది.

అమెరికాలో శాక్రిన్ మీద తగవు వైట్‌హౌస్ దాకా వెళ్లింది. 1908లో అమెరికా ఆహార నాణ్యత అధికారి హార్వీ వైలీ, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ముందు శాక్రిన్ గురించి ఫిర్యాదు చేశాడు. డబ్బాల్లో నిలవచేసే మొక్కజొన్నలో చక్కెర బదులు దీన్ని కలుపుతున్నారని, జనం పంచదార అనుకుని తారు సరుకు తింటున్నారని, అది ఆరోగ్యానికి చేటని ఆయన వాదన. రూజ్‌వెల్ట్‌కు ఒళ్లు మండింది. ఆయన డాక్టరు ఆయనకు రోజూ ఇస్తున్నది ఆ శాక్రినే మరి! దాన్ని చెడ్డదనేవాడు తెలివితక్కువవాడని అక్కడికక్కడే తేల్చేశాడు. తర్వాత విషయం తేల్చడానికి నిపుణుల సంఘం వేశారు. ఆ సంఘానికి అధ్యక్షుడెవరో కాదు, ఐరా రెమ్సెన్. కొద్ది మోతాదులో హాని కనబడలేదనీ, రోజుకు గ్రాము దాటితే అజీర్తి చేయవచ్చనీ ఆ సంఘం చెప్పింది. అయినా ఆహారంలో పోషక విలువ తగ్గిస్తుందన్న కారణంతో 1912లో మామూలు తిండిలో వాడకాన్ని ఆపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చక్కెర కరువు రాగానే శాక్రిన్ మళ్లీ వంటింటికి చేరింది.

ఈ తగవులో రెండు ప్రశ్నలు కలగాపులగమైపోయాయి. ఒకటి, ఇది విషమా? రెండోది, తీపి ఇచ్చి తిండి ఇవ్వని వస్తువు మనిషి ఆకలిని ఏం చేస్తుంది? తర్వాతి డెబ్బై ఏళ్లు లోకం మొదటి ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అసలు పెద్ద గొడవ 1977లో వచ్చింది. అప్పటికి అమెరికాలో శాక్రిన్‌తో కలిపి వాడే సైక్లమేట్ అనే మరో తీపిని 1969లోనే నిషేధించారు. డైట్ డ్రింకులకు మిగిలింది శాక్రిన్ ఒక్కటే. కెనడా ప్రభుత్వ పరీక్షల్లో ఎలుకలకు మేతలో 5 శాతం శాక్రిన్ పెట్టి, వాటి పిల్లలకూ అదే మేత కొనసాగిస్తే, మగ ఎలుకల మూత్రాశయంలో కణుతులు వచ్చాయి. జంతువుల్లో క్యాన్సర్ తెచ్చే ఏ పదార్థాన్నీ తిండిలో కలపడానికి ఒప్పుకోకూడదని 1958 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం నిషేధానికి సిద్ధపడితే జనం తిరగబడ్డారు, మధుమేహులు ముఖ్యంగా. చివరికి కాంగ్రెస్ నిషేధాన్ని వాయిదా వేసి, ప్యాకెట్ మీద క్యాన్సర్ హెచ్చరిక ముద్రించమంది.

అయిదు శాతమంటే ఎంతో ఒక లెక్క వేద్దాం. మనిషి రోజుకు అర కిలో పొడి ఆహారం తింటాడనుకుంటే అందులో అయిదు శాతం 25 గ్రాములు. ఒక్కో మాత్రలో 15 మిల్లీగ్రాముల శాక్రిన్ ఉందనుకుంటే, రోజూ పదహారు వందలకు పైగా మాత్రలు మింగాలి. అయితే మోతాదు పెద్దదన్నంత మాత్రాన ఫలితాన్ని కొట్టిపారేయలేం. ఎలుకకు కణితి ఎందుకు వచ్చిందో తెలిస్తేనే మనకు వస్తుందో రాదో చెప్పగలం. దానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

జవాబు మూత్రంలో దొరికింది. ఎలుక మూత్రం మన మూత్రంలా ఉండదు. బాగా చిక్కన, పైగా మగ ఎలుక మూత్రంలో ప్రొటీన్ ఎక్కువ. సోడియం శాక్రిన్ భారీగా తిన్నప్పుడు అలాంటి మూత్రంలో కాల్షియం ఫాస్ఫేట్ సన్నని రవ్వలా పేరుకుంటుంది. ఆ రవ్వ మూత్రాశయం లోపలి పొరను గీరుతూ ఉంటుంది. గీరిన చోట కణాలు చనిపోతాయి, వాటి బదులు కొత్తవి పుడతాయి. ఎలుక బతికున్నంత కాలం ఇలా చావూ పుట్టుకా సాగితే, ఏదో ఒకచోట లెక్క తప్పి కణితవుతుంది. అంటే శాక్రిన్ నేరుగా కణంలోని డీఎన్ఏను చెడగొట్టడం లేదు. దీనికి గట్టి రుజువులున్నాయి. శాక్రిన్‌ను సోడియం లవణంగా కాకుండా ఆమ్లరూపంలో పెడితే ఎలుకకు ఆ దెబ్బ తగల్లేదు. మరోవైపు, విటమిన్ సి సోడియం లవణాన్ని భారీగా పెట్టినా మూత్రాశయంలో అలాంటి కీడే కనిపించింది. కోతులకు ఇరవై నాలుగేళ్ల దాకా శాక్రిన్ పెట్టి చూశారు, కణుతులు రాలేదు. యుద్ధకాలంలో చక్కెర దొరక్క శాక్రిన్ ఎక్కువగా వాడిన డెన్మార్క్‌లో, ఆ ఏళ్లలో పుట్టిన పిల్లలను పెద్దయ్యాక పరిశీలిస్తే మూత్రాశయ క్యాన్సర్ పెరిగిన జాడ లేదు. 2000లో అమెరికా ప్రభుత్వం శాక్రిన్‌ను క్యాన్సర్ కారకాల జాబితా నుంచి తీసేసింది. హెచ్చరిక లేబులూ పోయింది.

ఆస్పర్టేమ్ అనే మరో కృత్రిమ తీపి మీద 2023లో వచ్చిన అలజడిని కూడా ఈ కథ వెలుగులోనే చదవాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అన్న వర్గంలో పెట్టింది. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే, ఎంత తింటే ఎంత ప్రమాదమో కాదు. మోతాదు చూసే మరో నిపుణుల సంఘం, ఒంటి బరువులో కిలోకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత హద్దునే ఉంచింది. డబ్బా డైట్ డ్రింకులో 200 నుంచి 300 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే, అరవై కిలోల మనిషి ఆ హద్దు చేరాలంటే రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు డబ్బాలు తాగాలి. ఫినైల్‌కీటోనూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బున్నవాళ్లు మాత్రం దాన్ని అసలు ముట్టకూడదు.

ఇక వెనకబడిపోయిన రెండో ప్రశ్న, ఆకలి సంగతి. 1986లో బ్రిటన్ పరిశోధకులు బ్లండెల్, హిల్ ఒక చిన్న ప్రయోగం చేశారు. ఆస్పర్టేమ్ కలిపిన నీళ్లు తాగినవాళ్లు తమకు ఆకలి తగ్గలేదు, పెరిగినట్టుందని చెప్పారు. 2008లో స్విథర్స్, డేవిడ్సన్‌ల ఎలుకలు గ్లూకోజ్ పెరుగు తిన్నవాటికన్నా శాక్రిన్ పెరుగు తిని ఎక్కువ బరువెక్కాయి. తీపి తగలగానే శరీరం శక్తి వస్తుందని సిద్ధపడుతుందనీ, అది రాకపోతే తిండి లెక్క తప్పుతుందనీ వాళ్ల ఊహ. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మనిషి విషయంలో ఎంత నిజం?

దీన్ని నిలదీసిన ప్రయోగం ఒకటి 2012లో నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. చాలావరకు మామూలు బరువున్న 641 మంది పిల్లలు, రోజుకు ఒక 250 మిల్లీలీటర్ల డబ్బా. సగం మందికి పంచదార పానీయం, సగం మందికి కృత్రిమ తీపి పానీయం. ఎవరిది ఏదో పిల్లలకు తెలియదు. పంచదార డబ్బాలో 104 కేలరీలు. పద్దెనిమిది నెలల తర్వాత చక్కెర తాగిన పిల్లలు సగటున 7.37 కిలోలు పెరిగితే, తాగనివాళ్లు 6.35 కిలోలే పెరిగారు. ఎదిగే వయసు కాబట్టి బరువు పెరగడం సహజమే, తేడా కిలో. కృత్రిమ తీపి వాళ్ల ఆకలిని అంతగా రెచ్చగొట్టి ఉంటే, మిగిలిన కేలరీలను వేరే తిండిలో తినేసి ఆ తేడాను పూడ్చేసి ఉండాలి. అలా జరగలేదు.

మరి ఏళ్ల తరబడి జనాన్ని గమనించే సర్వేల్లో కృత్రిమ తీపి వాడేవాళ్లే లావుగా ఎందుకు కనిపిస్తారు? ఒక కారణం, బరువెక్కినవాళ్లు, షుగర్ భయం పట్టుకున్నవాళ్లే ముందుగా ఆ మాత్రల దగ్గరికి వస్తారు. గొడుగులు పట్టినందువల్ల వాన వచ్చిందనుకోవడం లాంటిది అలాంటి సర్వేను కారణంగా చదవడం. అయినా అనుమానాలన్నీ తీరిపోలేదు. ఇజ్రాయెల్ పరిశోధకులు 2022లో 120 మంది మీద చేసిన ప్రయోగంలో శాక్రిన్, సుక్రలోజ్ తిన్న కొందరిలో గ్లూకోజ్ తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే తీరు మారింది. పేగులోని బ్యాక్టీరియాకూ దీనికీ లంకె ఉందని వాళ్లు చూపారు. ఆస్పర్టేమ్, స్టీవియాలతో అలా మారలేదు. అంటే ‘కృత్రిమ తీపి’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టడం తప్పు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బరువు తగ్గడానికి వీటిని నమ్ముకోవద్దని చెప్పింది, దీర్ఘకాలంలో మేలు కనబడలేదని. అయితే ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని కూడా చెప్పింది.

సుక్రలోజ్ పుట్టుకలో మనవాడి చేయి ఉంది. 1976లో లండన్‌లో శశికాంత్ ఫడ్నిస్ అనే భారతీయ విద్యార్థి, తన ప్రొఫెసర్ ఒక పదార్థాన్ని ‘టెస్ట్’ చేయమంటే, ‘టేస్ట్’ చేయమన్నారని విని నోట్లో వేసుకున్నాడట. ఫాల్‌బర్గ్ తర్వాత దాదాపు వందేళ్లకు, మళ్లీ నాలుకే దారి చూపింది.

మన దగ్గర శాక్రిన్ బాటే వేరు. పుల్ల ఐసుల నుంచి కల్తీ కల్లు దాకా, చౌక తీపి కావాల్సిన చోటల్లా అది చేరుతూ వచ్చింది. అక్కడ భయపడాల్సింది ఎలుకకొచ్చిన కణితికి కాదు. కల్తీ కల్లులో ఆ తీపి కప్పిపెట్టే మత్తు మందుకు. ఇక మిఠాయి కొట్టులో షుగర్ ఫ్రీ కాజూ బర్ఫీ సంగతి. గ్రాము చక్కెరకు నాలుగు కేలరీలైతే గ్రాము నెయ్యికి తొమ్మిది. చక్కెర పోయినా నెయ్యీ జీడిపప్పూ పోలేదు. రోజూ నాలుగు టీలు, టీకి పది గ్రాముల చక్కెర అనుకుంటే 160 కేలరీలు. మాత్ర వేసుకుంటే అవి నిజంగానే మిగులుతాయి. కానీ ఆ మిగులును చూసుకుని మరో రెండు బర్ఫీలు తీసుకునే చెయ్యే ఆ లెక్కను తిరగరాస్తుంది. నాలుకకు తీపి అందిస్తూనే ఆ చెయ్యిని ఆపే మాత్ర ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.