పరోక్ష ఖర్చుల పంపిణీ: చదరపు అడుగులు, మనుషుల లెక్క, సరిచూసే తీరు

ఒక సంస్థలో ఏ ఒక్క విభాగానికీ నేరుగా చెందని అద్దె, కాపలా, సిబ్బంది సంక్షేమం లాంటి ఖర్చులను ఏదో ఒక ప్రాతిపదిక మీద విభాగాలకు పంచడాన్ని పరోక్ష ఖర్చుల పంపిణీ అంటారు. కామర్స్ పాఠ్యపుస్తకాల్లో వీటికి ఉపరివ్యయాలన్న పేరుంది. మిల్లుల్లో, లెక్కల గదుల్లో ఓవర్‌హెడ్ అన్న మాటే వాడుక. ఆధునిక కర్మాగారాల సందర్భంలో ఈ చర్చను క్రమబద్ధంగా నడిపినవారిలో అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ ముఖ్యుడు. ఆయన రచనకు కొందరు 1901 అనీ, కొందరు 1908 అనీ తేదీ వేస్తారు. వ్యాసాలుగా వెలువడింది మొదటి తేదీన, పుస్తకంగా వచ్చింది రెండో తేదీన కాబట్టి 1901నే ప్రారంభంగా తీసుకోవడం సబబు. మన దేశంలో ఉత్పత్తి ఓవర్‌హెడ్‌లకు కాస్ట్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం సి.ఎ.ఎస్-3 ఆధారం. కాస్ట్ రికార్డుల, ఆడిట్ నియమాలు (2014) మాత్రం పేర్కొన్న రంగాల్లో, సాధారణంగా 35 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకే వర్తిస్తాయి. ఆర్మూర్, దొంకేశ్వర్ ప్రాంతాల్లోని చిన్న పసుపు మిల్లు ఆ పరిధిలోకి రావడం అరుదు. అక్కడి పంపిణీని బయటినుంచి వచ్చి సరిచూసేవారు ఉండరు కనుక లెక్క రాసినవారే దాన్ని పరీక్షించాలి.

ఆ పరీక్షను చాలామంది ఒక్క వాక్యంలో ముగిస్తారు: విభాగాల వాటాలన్నీ కూడితే మొదటి ఖర్చు రావాలి. ఈ షరతు తప్పనిసరే, కానీ దానంతట అది నిరూపించేది చాలా కొంచెం. ఉదాహరణకు ఒక మిల్లును ఊహిద్దాం. షెడ్డు అద్దె నెలకు 1,20,000 రూపాయలు. పాలిషింగ్‌కు 2,400 చదరపు అడుగులు, పొడి పట్టే విభాగానికి 1,800, ప్యాకింగ్‌కు 1,200, గోదాముకు 3,600, ఆఫీసుకు 600, మొత్తం 9,600. అద్దె పత్రంలో ఉన్నది 10,000. తేడా 400 అడుగులు నడవ, కాటా పెట్టిన చోటు. పత్రం చూసి అడుగుకు 12 రూపాయల చొప్పున పంచితే విభాగాలకు చేరేది 1,15,200 మాత్రమే. మిగిలిన 4,800 ఎవరి ఖాతాలోనూ పడదు. తేడాను రేటుతో భాగిస్తే 400 వస్తుంది, అంటే తప్పిపోయిన జాగా ఎంతో తేడాయే చెబుతోంది. నడవను అందరూ వాడతారు కాబట్టి 9,600తోనే భాగించాలి. అప్పుడు రేటు 12.50, వాటాలు వరుసగా 30,000, 22,500, 15,000, 45,000, 7,500. కూడితే 1,20,000.

ఇప్పుడు గోదాము కొలతను 3,600కు బదులు 6,300 అని తారుమారుగా ఎక్కించారనుకుందాం. హారం 12,300 అవుతుంది, రేటు 9.76 దగ్గరికి పడిపోతుంది, ప్రతి వాటా తప్పవుతుంది. అయినా కూడిక 1,20,000 దగ్గరే నిలుస్తుంది, ఎందుకంటే వాటాలను వాటి సొంత మొత్తంతోనే భాగించాం. ఖర్చు కూడిక దొరకబుచ్చుకోలేని తప్పు ఇది. దొరికేది హారాన్ని బయటి కాగితంతో పోల్చినప్పుడే: విభాగాల జాగాకు ఉమ్మడి జాగా కలిపితే అద్దె పత్రంలోని 10,000 రావాలి, ఇక్కడ 12,700 వస్తోంది. అందుకే రూపాయల సరిపోలిక కంటే ముందు చదరపు అడుగుల సరిపోలిక జరగాలన్నది ఈ వ్యాసం పక్షం. అదే వరుసలో, పంచబోయే 1,20,000 కూడా చేతిరాత కాగితంలోంచి కాక ఖాతా పుస్తకంలోని అద్దె నిల్వ నుంచి రావాలి.

మనుషుల లెక్కలో ఇబ్బంది వేరు. పసుపు తవ్వకం జనవరి ప్రాంతంలో మొదలై వేసవి దాకా సరుకు కదులుతుంది. మార్చిలో ప్యాకింగ్‌లో కనిపించే రోజుకూలీలు ఆగస్టులో ఉండరు. ఏ తేదీ తలల లెక్క తీసుకున్నా కూడిక సరిపోతుంది, కానీ వాటాలు మారిపోతాయి. హాజరు పట్టీలోని పనిదినాలతో పంచడం దీనికి మెరుగైన మందు. ఒక మనిషి ఉదయం పాలిషింగ్‌లో, మధ్యాహ్నం గోదాములో పనిచేస్తే రెండు చోట్లా అరరోజు పడాలి, రెండు తలలుగా పడకూడదు. విభాగాల పనిదినాల మొత్తం కూలి చెల్లించిన పనిదినాలతో పోల్చి చూస్తే ఈ రెట్టింపు బయటపడుతుంది.

చిన్న తేడాల దగ్గర అభ్యంతరం వినిపిస్తుంది: ఎనిమిది రూపాయల కోసం ఇంత తంటా ఎందుకని. తేడా పరిమాణం కన్నా దానికి కారణం దొరికిందా లేదా అన్నది ముఖ్యం. 47 మందికి 50,000 రూపాయల సంక్షేమ ఖర్చు పంచితే తలకు 1,063.83 వస్తుంది. రేటును 1,064కు సవరించి గుణిస్తే 50,008 అవుతుంది. రేటును రూపాయికి సవరించడం వల్ల పుట్టగల తేడా తలకు అర్ధ రూపాయి చొప్పున 23.50కు మించదు, ఎనిమిది ఆ పరిధిలోనే ఉంది. రేటును అలాగే ఉంచి వాటాలను మాత్రమే సవరిస్తే అయిదు విభాగాలకు హద్దు 2.50కి తగ్గుతుంది. తేడా హద్దు దాటితే అది సవరణ కాదు, పొరపాటు. హద్దులోనే ఉన్నా రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి మింగేసి ఉండవచ్చు, కనుక హారాల పరీక్ష మానకూడదు.

చాలా పట్టికల్లో చివరి విభాగం వాటాను ‘మొత్తంలోంచి మిగతావి తీసివేయగా వచ్చేది’గా రాస్తారు. పంచాల్సిన ఖర్చును D8లో పెట్టి, వాటాలు బి నిలువు వరుసలోని కొలతల మీద లెక్కించి రూపాయికి సవరించి డిలో వేస్తే, పట్టిక ఇలా ఉండాలి:

```
D2:  =ROUND($D$8*B2/SUM($B$2:$B$6),0)
D9:  =SUM(D2:D6)-$D$8
```

D2 సూత్రమే D6 దాకా దిగాలి. D6లో `=D8-SUM(D2:D5)` అని రాస్తే D9 ఎప్పటికీ సున్నాయే చూపిస్తుంది, పై వాటాలు ఎంత తప్పైనా సరే. తప్పే కాలేని పరీక్ష పరీక్ష కాదు. చివరి గడిని అలా రాయడం వాడుక పద్ధతే కదా అనేవారు సవరణ పైసలను ఎక్కడో ఒకచోట వేయాల్సిందేనంటారు, ఆ మాట నిజమే. కానీ ముందు D9లో అసలు తేడా చూడాలి, అది హద్దులో ఉంటేనే అతి పెద్ద వాటాకు చేర్చి, చేర్చినట్టు పక్కన రాయాలి.

రెండో దశలో గోదాము, ఆఫీసుల ఖర్చును ఉత్పత్తి విభాగాలకు మళ్లించినప్పుడు సరిపోలిక ఇంకా జారుతుంది. ఆఫీసు 7,500ను పంచేటప్పుడు హారంలో ఆఫీసు సొంత మనుషులను ఉంచకూడదు. 47లో నలుగురు ఆఫీసువాళ్లయితే భాగించాల్సింది 43తో. 47తో భాగిస్తే 638 రూపాయలు ఆఫీసులోనే ఉండిపోతాయి. పంచిన తర్వాత అన్ని గడులనూ కూడితే మరో పొరపాటు వస్తుంది: సేవా విభాగాల 52,500 రెండుసార్లు లెక్కకెక్కి మొత్తం 1,72,500 అవుతుంది. కాబట్టి చివర రెండు షరతులు చూడాలి. సేవా విభాగాల నిల్వ సున్నా కావాలి, ఉత్పత్తి విభాగాల మూడింటి మొత్తమే 1,20,000 కావాలి.

ఇవన్నీ నెగ్గిన పంపిణీ కూడా న్యాయమైనదని చెప్పలేం. పొడి పట్టే మోటార్ల కరెంటు బిల్లును చదరపు అడుగుల మీద పంచితే గోదాము దాదాపు నలభై శాతం మోస్తుంది, కూడిక మాత్రం పైసాతో సహా సరిపోతుంది. అలాంటి ఖర్చును మోటారు సామర్థ్యం, నడిచిన గంటల మీద పంచాలి. సి.ఎ.ఎస్-3 కారణ-ఫలిత సంబంధాన్ని చూడమనడం ఇందుకే.