పాలు కాగాయి, దగ్గు మిగిలింది

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాల్వ నీళ్లతో బోధన్ చుట్టుపక్కల చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టి, దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. గడలు ఫ్యాక్టరీకి పోతే కొసల ఆకు పశువుల ముందు పడింది. బండి లాగడానికి ఎడ్లు, పాలకు బర్రెలు, అన్నీ ఒకే కొట్టంలో, ఒకే తొట్టి దగ్గర మూతి పెట్టి బతికాయి. పశువుల క్షయ చరిత్రను ఇక్కడి నుంచి చూడడానికి కారణం ఆ కొట్టమే. ఈ జబ్బు ప్రధానంగా ఊపిరి నుంచి ఊపిరికి పాకుతుంది. గాలి ఆడని చోట, ఒకదాని పక్కన ఒకటి ఏళ్ల తరబడి నిలబడే పశువుల మధ్య అది నెమ్మదిగా, చప్పుడు లేకుండా సాగుతుంది.

ఫ్యాక్టరీ పుట్టేనాటికే ఈ జబ్బు గురించి యూరప్‌లో పెద్ద తగువు నడిచి ముగిసింది. క్షయ క్రిమిని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కోచ్, 1890లో ఆ క్రిమి నుంచి తీసిన ట్యూబర్క్యులిన్‌ను మందు అని ప్రకటించాడు. మందుగా అది పూర్తిగా విఫలమైంది. కానీ క్షయ ఉన్న ఆవుకు ఎక్కిస్తే ఒళ్లు వేడెక్కుతుందని, ఆరోగ్యంగా ఉన్న ఆవుకు ఏమీ కాదని పశువైద్యులు గమనించారు. విఫలమైన మందు పరీక్షగా బతికిపోయింది. డెన్మార్క్‌లో బెర్న్‌హార్డ్ బాంగ్ 1890లలోనే దానితో మందలను వడపోయడం మొదలుపెట్టాడు. మనిషి క్షయ క్రిమి, ఆవు క్షయ క్రిమి వేర్వేరని 1898లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ చూపించాడు. దాన్ని పట్టుకుని కోచ్ 1901లో లండన్ సభలో ఒక మాటన్నాడు: ఆవు క్షయ మనిషికి సోకడం చాలా అరుదు, పాల గురించి భయపడి చర్యలు తీసుకోనక్కరలేదు. అంత పెద్దమనిషి మాట కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. పదేళ్లు పరిశీలించి 1911లో కమిషన్ తేల్చింది ఏమిటంటే, కోచ్ చెప్పింది తప్పు. పచ్చిపాలు తాగిన పిల్లల మెడ గడ్డల్లోనూ కడుపు క్షయలోనూ ఆవు క్రిమి దొరికింది. మన పెద్దలు గండమాల అన్న మెడ గడ్డల జబ్బులో అక్కడ కొంత వాటా పాలదే.

ఆ తర్వాత పాశ్చాత్య దేశాలు పట్టుకున్న దారి సూటిగా ఉంది. మందనంతా పరీక్షించు, తేలిన పశువును చంపు, యజమానికి పరిహారం ఇవ్వు, పట్నానికి పోయే పాలను వేడిచేయి. అమెరికా 1917లో మొదలుపెట్టినప్పుడు నూటికి సుమారు అయిదు ఆవులకు క్షయ ఉండేది. 1940 నాటికి ప్రతి కౌంటీలోనూ అది అర శాతం కిందికి దిగింది.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. సరిగ్గా అదే 1917లో బొంబాయిలో లిస్టన్, సోపార్కర్ అనే ఇద్దరు పరిశోధకులు భారతీయ పాడి పశువులకు ఈ జబ్బు ఎంత సులువుగా పట్టుకుంటుందో ప్రయోగాలు చేసి, మన నాటు పశువులు దీన్ని బాగా తట్టుకుంటాయని చెప్పారు. అందులో నిజముంది. కానీ ఆ నిజం తర్వాతి తరాలకు నిద్రమందుగా పనిచేసిందని నా అనుమానం. నాటు పశువు తట్టుకుంటుందంటే దానికి సోకదని కాదు, సోకినా త్వరగా పడిపోదని. పైగా ఆ మాట నాటు పశువుకే వర్తిస్తుంది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలయ్యాక జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు పల్లెల్లోకి వచ్చాయి. ఎక్కువ పాలు, ఎక్కువ పశువులు, తక్కువ చోటు. 2018లో దేశమంతటి సర్వేలను కూర్చి లెక్క కట్టిన ఒక అధ్యయనం, పరీక్షించిన పశువుల్లో సగటున 7.3 శాతానికి క్షయ ఉందని అంచనా వేసింది. దేశం మొత్తానికి లెక్కేస్తే రెండు కోట్ల పైచిలుకు పశువులు.

ఇంతకీ పరీక్ష ఎలా చేస్తారు? బోధన్ పొలిమేరలో పది సంకర ఆవుల కొట్టం ఒకటి ఊహించుకుందాం. నాలుగో ఈత ఆవు ఒకటి నెలల తరబడి దగ్గుతోంది. పెద్ద దగ్గు కాదు, తడిగా, చిన్నచిన్నగా, తెల్లవారుజామున లేచినప్పుడో నాలుగడుగులు వేగంగా తోలినప్పుడో వస్తుంది. మేత తింటుంది, పేడ మామూలుగానే ఉంది, అయినా పక్కటెముకలు తేలుతున్నాయి. యాంటీబయాటిక్ ఇస్తే వారం తగ్గినట్టుండి మళ్లీ మొదలైంది. నట్టల మందు వేసినా తేడా లేదు. చిక్కిపోవడంతో పాటు నీళ్ల పేడ ఉంటే ముందు జోన్స్ వ్యాధిని అనుమానించాలి. ఇక్కడ అది లేదు. ఊపిరి, చిక్కడం, మందులకు లొంగకపోవడం కలిసినప్పుడు డాక్టరుకు క్షయ తలపులోకి రావాలి.

డాక్టరు మెడ మధ్యన రెండు చోట్ల వెంట్రుకలు గొరుగుతాడు, ఒకదానికొకటి జానెడు లోపు దూరంలో. చర్మాన్ని మడత పట్టి కాలిపర్స్‌తో మందం కొలిచి రాసుకుంటాడు. రెండు చోట్లా 7 మిల్లీమీటర్లు. పైచోట పక్షి క్షయ క్రిమి ట్యూబర్క్యులిన్, కిందిచోట ఆవు క్రిమిది, ఒక్కొక్కటి 0.1 మిల్లీలీటరు, చర్మం పొరలోకే ఎక్కిస్తాడు. వేలితో తడిమితే శనగగింజంత బుడిపె తగలాలి. తగలకపోతే మందు చర్మం కిందికి జారిపోయింది, ఆ పరీక్ష లెక్కలోకి రాదు. మళ్లీ 72 గంటలకు వచ్చి అదే చేత్తో, అదే కాలిపర్స్‌తో కొలవాలి. మూడో రోజు రావడం కుదరక నాలుగో రోజు వచ్చి కంటితో చూసి రాసేస్తే ఆ రాతకు విలువ లేదు.

మన ఆవుకు పక్షి మందు దగ్గర 9, ఆవు మందు దగ్గర 15 వచ్చాయి. పెరుగుదల 2, 8. తేడా 6. నాలుగు దాటింది కాబట్టి క్షయ ఉన్నట్టే లెక్క. పక్క ఆవుకు ఆవు మందు దగ్గర 11 వచ్చింది, అంటే 4 పెరిగింది. ఒక్క సూదితో చేసే పరీక్షలో అయితే అదీ దోషిగా తేలేది. కానీ పక్షి మందు దగ్గర 12 వచ్చింది. నేలలోనూ నీళ్లలోనూ ఉండే చుట్టం క్రిములకో, జోన్స్ క్రిమికో దాని ఒళ్లు స్పందిస్తోందన్నమాట. దాన్ని వదిలేయవచ్చు. రెండు సూదులు వేసేది ఇందుకే.

అసలు చిక్కు మూడో ఆవుతో. ముసలిది, మందలో అన్నిటికన్నా బక్కది, గొంతు కింద గ్రంథులు ఉబ్బాయి, దగ్గుతోంది. దానికి రెండు చోట్లా 8 మాత్రమే వచ్చింది. కాగితం మీద అది ఆరోగ్యవంతురాలు. నిజానికి జబ్బు బాగా ముదిరిన పశువు ఒంట్లో స్పందించే శక్తి చచ్చిపోతుంది, చర్మం ఉబ్బదు. కొత్తగా ఈనిన ఆవుల్లో కూడా కొన్ని వారాలు ఇలాగే పరీక్ష మోసం చేస్తుంది. క్రిములను అందరికన్నా ఎక్కువగా చిమ్మే ఆవే పరీక్షలో తప్పించుకుపోవచ్చు కాబట్టి, కాలిపర్స్ అంకె ఎంత ముఖ్యమో పశువును కళ్లారా చూడడం అంతే ముఖ్యం. అనుమానం తీరకపోతే వెంటనే మళ్లీ సూది వేయకూడదు. మొదటి సూది ప్రభావం దిగడానికి కనీసం 42 రోజులు ఆగాలి.

పరీక్ష మందును బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌లోని భారతీయ పశువైద్య పరిశోధనా సంస్థ తయారుచేస్తుంది. పశువుల క్షయ 2009 నాటి అంటువ్యాధుల చట్టం జాబితాలో ఉంది. అయినా నిర్మూలన కార్యక్రమం అన్నది లేదు. తేలిన ఆవును ఏం చేయాలి అన్న ప్రశ్న దగ్గరే అంతా ఆగుతుంది. మన రాష్ట్రంలో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది, చంపితే పరిహారం ఇచ్చే ఏర్పాటు లేదు, నెలల పాటు మందులు మింగించి ఆవుకు వైద్యం చేయడాన్ని ఎవరూ సిఫారసు చేయరు. రైతు ముందు మిగిలేది రెండే దారులు: ఆ ఆవును విడిగా కట్టి జీవితాంతం మేపడం, లేదా సంతకు తోలడం. రెండోదే చౌక. అలా పరీక్ష ఫలితం ఒక కొట్టాన్ని బాగుచేసి ఇంకో కొట్టానికి జబ్బును తోలవచ్చు. అందుకే పరీక్ష ఆవు కొనే ముందు చేయిస్తే ఎక్కువ ఉపయోగం, కొన్నాక కన్నా. బేరం అప్పుడు పరీక్ష చేయించేవాడి చేతిలో ఉంటుంది.

ఇక పాలు. క్షయ ఉన్న ప్రతి ఆవు పాలలోనూ క్రిమి రాదు. జబ్బు పొదుగుకు పాకిన కొద్ది ఆవుల్లోనే ఎక్కువగా వస్తుంది. అలాంటి పొదుగు ఒక వైపు గట్టిపడుతుంది, నొప్పి ఉండదు, పాలు మొదట్లో చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కానీ పాల కేంద్రంలో పది ఇళ్ల పాలు ఒకే క్యాన్‌లో కలుస్తాయి. చల్లబరిస్తే పాలు విరగవు, క్రిమీ చావదు. చంపేది వేడి ఒక్కటే: 63 డిగ్రీల దగ్గర అరగంట, లేదా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు. నిజామాబాద్ ఇంట్లో గిన్నెలో పొంగొచ్చేదాకా కాచిన పాలు ఈ రెంటినీ దాటిపోతాయి. కాచాకే తోడు వేస్తాం కాబట్టి పెరుగు, మజ్జిగ కూడా సురక్షితం. పడమటి దేశాలు చట్టం చేసి సాధించినదాన్ని మన వంటింటి పొయ్యి ఏ చట్టమూ లేకుండానే చేసింది. బహుశా అందువల్లే కొట్టంలో జబ్బు గురించి ఇక్కడ ఎవరికీ తొందర పుట్టలేదు.

పొయ్యి కాపాడలేని చోట్లు ఉన్నాయి. పొదుగు దగ్గరే నురగతో తాగే గుమ్మపాలు బలమని పిల్లలకు ఇస్తారు. అభిషేకానికి పోసిన పచ్చిపాలు తీర్థంగా చేతిలోకి వస్తాయి. దూడలకు ఆ పొదుగు పాలే ఆహారం, అక్కడ కాచడం అన్న మాటే లేదు. అన్నిటికన్నా, పాలు పిండేవాళ్లు రోజుకు రెండుసార్లు దగ్గే ఆవు పక్కన కూర్చుని దాని ఊపిరి పీలుస్తారు. జబ్బు ఇటునుంచి అటూ నడుస్తుంది. క్షయ ఉన్న మనిషి నుంచి ఆవుకు మనిషి క్రిమి సోకిన సందర్భాలు మన దేశంలో నమోదయ్యాయి.

ఈ మధ్య తేలిన సంగతి ఒకటి పాత లెక్కలను కదిలించింది. వేలూరులో సేకరించిన 940 మానవ క్షయ నమూనాల జన్యువులను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో పాత ఆవు క్రిమి, అంటే మైకోబ్యాక్టీరియం బోవిస్ ఒక్కటీ దొరకలేదు. దానికి బదులు ఒరిజిస్ అనే మరో పశు క్రిమి ఏడింటిలో ఉంది. దక్షిణాసియాలో పశువుల నుంచి మనిషికి వచ్చే క్షయను ఒక్క బోవిస్ పేరుతో వెతికితే కొంత చేజారిపోతుందని దాని అర్థం. ఆస్పత్రిలో కఫం పరీక్షించే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం క్షయ ఉందని చెబుతుంది, అది ఆవుదో మనిషిదో చెప్పదు. బోవిస్ అయితే తేడా మందులో తెలుస్తుంది. మొదటి రెండు నెలలు ఇచ్చే నాలుగు మందుల్లో ఒకటైన పైరజినమైడ్‌కు అది పుట్టుకతోనే లొంగదు.

మెడ మీద గడ్డతో బోధన్ నుంచి నిజామాబాద్ ఆస్పత్రికి వచ్చే పాడి కుటుంబం పిల్లవాడికి సూదితో తీసిన నమూనాను కల్చర్‌కు పంపినప్పుడు, ఇంట్లో పాలు కాచి తాగుతారా, కొట్టంలో ఏ పశువైనా దగ్గుతోందా అని చీటీ మీద రెండు ముక్కలు రాసి పంపితే చాలు, ప్రయోగశాల జాతి వేరుచేసే పరీక్ష కూడా చేయాలో వద్దో నిర్ణయించుకోగలుగుతుంది.