బడ్జెట్ పత్రంలోని మాటలకు మేము వాడే అర్థం: కమిట్‌మెంట్, ఎన్‌కంబరెన్స్, అక్రూవల్

సంఘం బడ్జెట్ పత్రం చివర ఈ ఏడాది ఒక పేజీ అదనంగా చేర్చాము. మన కార్యవర్గంలో రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసినవారు, బ్యాంకులో పనిచేసినవారు, బడిపంతుళ్ళు, వ్యాపారస్తులు ఉన్నారు. ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కో విధంగా చదవడం వల్ల మొన్నటి ఏడాది ఒక చిక్కు వచ్చింది. అదేమిటో కింద చెబుతాము.

భవనం మరమ్మతుల పద్దు కింద 3,00,000 రూపాయలు కేటాయించాము. జనవరి నాటికి అందులో 80,000 చెల్లించేశాము. క్యాష్ బుక్ ప్రకారం మిగిలింది 2,20,000. ఆ నెలలోనే గ్రంథాలయం గది పైకప్పు కారకుండా చేయించాలని, 1,20,000 మించకూడదని తీర్మానం రాశాము. ఈ తీర్మానమే మా పత్రంలో కమిట్‌మెంట్. బయటివారికి ఇంకా ఏ మాటా ఇవ్వలేదు, కార్యవర్గం తనకు తాను కట్టుబడింది, అంతే. కావాలంటే రద్దు చేసుకోవచ్చు. బ్యాంకు మిత్రులకు ఈ మాట వినగానే మంజూరై ఇంకా తీసుకోని అప్పు గుర్తుకొస్తుంది. ఆడిటర్లేమో మూలధన పనులకు కుదిరిన కాంట్రాక్టులో ఇంకా పూర్తికాని భాగాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఇక్కడ ఆ రెండూ కావు.

ఫిబ్రవరిలో మేస్త్రీతో బేరం 1,10,000కు తెగింది, వర్క్ ఆర్డర్ మీద సంతకాలయ్యాయి. ఆ రోజు నుంచి 1,10,000 ఎన్‌కంబరెన్స్. పద్దులో ఆ సొమ్ము ఉంటుంది, కానీ వేరే పనికి ముట్టుకోకూడదు. తీర్మానానికీ ఆర్డరుకూ మధ్య మిగిలిన 10,000 తిరిగి ఖాళీ సొమ్ములో కలుస్తుంది. తమిళనాడులో ఉన్న మన వాళ్ళకు ఎన్‌కంబరెన్స్ అంటే ఈసీ, అంటే విల్లంగం సర్టిఫికెట్. ఇల్లు కొనేముందు ఆస్తి మీద తాకట్టు ఉందా లేదా చూసుకునే కాగితం. మా రిజిస్ట్రేషన్ మిత్రుడు ఈ మాట చూసి, సంఘం భవనం ఎవరికో తాకట్టు పెట్టామేమోనని కంగారుపడ్డారు! భవనానికి ఏమీ కాలేదు. ఆర్డరు పూర్తయ్యేదాకా ఆ పద్దులో అంత సొమ్ముకు ముడి వేశామన్నమాట.

ఇంతకీ చిక్కు ఎక్కడంటే, ఆ ఆర్డరు ఇచ్చిన వారానికే మరొక సభ్యులు క్యాష్ బుక్‌లో 2,20,000 మిగిలిందని చూసి, అదే పద్దులో 1,50,000కు కుర్చీలు పురమాయించారు. నిజానికి ఖాళీగా ఉన్నది 1,10,000 మాత్రమే. 40,000 తక్కువ పడింది. ఆయన తప్పు చేశారనలేము. ముడిపడిన సొమ్ము చూపే గడి మా పత్రంలోనే లేదు. చివరికి దుకాణం వారిని బతిమాలి కుర్చీల ఆర్డరు రద్దు చేయించుకున్నాము. ఇప్పుడు ప్రతి పద్దుకూ నాలుగు గడులు పెట్టాము: కేటాయింపు, అయిన ఖర్చు, ముడిపడినది, ఖాళీ. కొత్త ఆర్డరు ఇచ్చేవారు చివరి గడి మాత్రమే చూడాలి.

మార్చి 31 నాటికి మేస్త్రీ 70,000 విలువైన పని ముగించారు. బిల్లు ఏప్రిల్‌లో వచ్చింది, సొమ్మూ అప్పుడే ఇచ్చాము. అయినా పని మార్చిలోనే జరిగింది కనుక ఆ 70,000 పాత సంవత్సరపు ఖర్చే. దీన్ని అక్రూవల్ అంటాము. చెల్లించవలసిన ఖర్చు అన్నా అదే. దాన్ని ఖర్చు గడిలో రాసిన రోజే ముడిలోంచి అంత తగ్గించాలి, లేకపోతే ఒకే సొమ్ము రెండుసార్లు లెక్కకొస్తుంది. అప్పుడు ఖర్చు 1,50,000, ముడి 40,000, ఖాళీ 1,10,000. మూడూ కలిపితే 3,00,000 రావాలి. రాకపోతే ఎక్కడో ముడి విప్పడం మరిచారన్నమాట.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసి వచ్చిన మాలాంటివారికి ఇది కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ పద్దులు నగదు చేతులు మారినప్పుడే రాస్తారు, చేయి అలాగే అలవాటుపడింది. ఆదాయానికీ ఇదే అక్రూవల్ సూత్రం. 4,00,000 డిపాజిట్‌ను 6 శాతం వడ్డీకి జనవరి 1న వేస్తే, వడ్డీ ఎప్పుడు చేతికొచ్చినా మార్చి 31 నాటికి సుమారు 6,000 ఆ ఏటి ఆదాయమే.

ఒక్క జాగ్రత్త. ధర్మసంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న సంఘాలకు, 2022 ఆర్థిక చట్టం తర్వాత, సొమ్ము నిజంగా చెల్లించిన ఏడాదిలోనే అది ధర్మకార్యానికి వినియోగించినట్టు లెక్క. కనుక పై 70,000 మన పద్దులో పాత ఏటి ఖర్చైనా, పన్ను లెక్కలో కొత్త ఏటికే వెళ్తుంది. ఆడిటర్‌గారికి ఆ రెండు జాబితాలూ విడివిడిగా ఇవ్వాలి.

మిగిలిన 40,000 పని ఏప్రిల్ తర్వాత జరుగుతుంది. కేటాయింపు మార్చి 31తో ముగుస్తుంది గానీ మేస్త్రీకి ఇచ్చిన మాట ముగియదు. అందుకే కొత్త బడ్జెట్‌లో 'గత ఏటి ఆర్డర్లు' అనే పద్దు మొదటి వరుసలో కనబడుతుంది.